అరవై దగ్గర హ్యాండిల్ ఎందుకు వణుకుతుంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు దయచేసి కాస్త ముందుకు రండి. ఈ బల్ల మీద ఒక పాత ముందు టైరు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు అయిన ఒక కోన్ సెట్, వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ కీలులో ఉండే ఒక బుష్ పెట్టాను. మాట్లాడుతూ ఉండగా వాటిని మీ చేతికి ఇస్తాను. వీటి సంగతి చెవికంటే వేలికి బాగా తెలుస్తుంది.

ఈ మూడూ ఒకే బండివి. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ బండి గురించే. 150 సీసీ బండి, ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. దాని యజమాని నా దగ్గరికి వచ్చి అన్న మాట ఇది: "హ్యాండిల్ కొట్టుకుంటోందండీ. రెండుసార్లు కోన్ సెట్ టైట్ చేయించాను. చేయించిన వారం బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. మొదటికంటే ఇప్పుడే ఎక్కువగా ఉంది."

నేను పానా పట్టుకోలేదు. ప్రశ్నలు అడిగాను. ఏ వేగంలో వస్తోంది? పెంచేటప్పుడా, తగ్గించేటప్పుడా? చేతుల్లో తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? ఆయన కాసేపు ఆలోచించి రెండు సంగతులు చెప్పాడు. డెబ్బై నుంచి యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిస్తుంటే, అరవై దగ్గర హ్యాండిల్ టకటకా వణుకుతుంది, యాభై కిందికి రాగానే ఆగిపోతుంది. ఇది ఒకటి. ఎనభై దాటాక పొడవాటి వంపుల్లో బండి వెనక భాగం పడవలా అటూ ఇటూ ఊగుతుంది. ఇది రెండోది. ఆయన దృష్టిలో రెండూ ఒకే జబ్బు. నా దృష్టిలో అవి రెండు వేర్వేరు జబ్బులు. ఆ తేడా పట్టుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది.

వణుకు వేరు, ఊపు వేరు. వణుకు అంటే హ్యాండిల్, ఫోర్క్, ముందు చక్రం కలిసి స్టీరింగ్ ఇరుసు చుట్టూ వేగంగా కొట్టుకోవడం. సెకనుకు ఆరు నుంచి పది సార్లు కొట్టుకుంటుంది, లెక్కపెట్టలేం. అది అరచేతుల్లో తెలుస్తుంది. ఊపు అంటే బండి మొత్తం పాములా మెలికలు తిరగడం. అది సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లే, మనసులో లెక్కపెట్టుకోవచ్చు. అది నడుముకు, సీటుకు తెలుస్తుంది. శాస్త్రవేత్తలు వణుకును వాబుల్ అని, ఊపును వీవ్ అని పిలుస్తారు. వణుకు వస్తే నేను ముందు వైపు నుంచి వెతకడం మొదలుపెడతాను. ఊపు వస్తే వెనక నుంచి. ఎప్పుడూ ఇంతే అని కాదు, వెనక పెట్టె నిండా బరువు వేస్తే ముందు చక్రం తేలికై వణుకు పెరగవచ్చు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఇది చెబుతుంది.

సరే, అరవై దగ్గరే ఎందుకు? అందరూ అడిగే ప్రశ్న ఇది. సమాధానం చిన్న లెక్కలో ఉంది.

ముందు చక్రం రోడ్డును తాకే చోటు స్టీరింగ్ ఇరుసు రేఖకు కొంచెం వెనకగా ఉంటుంది. సామాను తోసే బండి చక్రం తన పిడి వెనక ఈడ్చుకు వస్తుంది చూడండి, అలాగ. అందుకే చక్రం పక్కకు తిరిగితే దానంతట అదే నేరుగా రావాలని చూస్తుంది. ఆ వచ్చే వేగంలో కొంచెం అవతలికి పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే ముందు భాగానికి ఒక సొంత తాళం ఉంది. ఉయ్యాలకు ఉన్నట్టే. ఉయ్యాలను దాని తాళంలో నెట్టితే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా. ఇక్కడ నెట్టేది ఎవరు? చక్రమే. టైరులో ఒకచోట బరువు ఎక్కువున్నా, రిమ్ వంగినా, ప్రతి చుట్టుకూ ఒక తోపు తోస్తుంది.

పదిహేడు, పద్దెనిమిది అంగుళాల రిమ్ ఉన్న మామూలు బండి ముందు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. భాగించండి. సెకనుకు దాదాపు తొమ్మిది చుట్లు. యాభైలో ఏడు పైచిలుకు, డెబ్బైలో పది. ముందు భాగం సొంత తాళం సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. అందుకే యాభై, డెబ్బై మధ్య వణుకుతుంది, ఆ పైన చాలాసార్లు దానంతట అదే పోతుంది. పది అంగుళాల చక్రాలున్న స్కూటర్‌కు చుట్టుకొలత 1.35 మీటర్ల చుట్టూ ఉంటుంది. అందుకే అది నలభైలోనే తల ఊపుతుంది. వేగం పెంచితే వణుకు పోయింది కదా, బండి బాగుంది అనుకునేవాళ్లుంటారు. తోపు, తాళం విడిపోయాయంతే. లోపం ఎక్కడికీ పోలేదు.

వణుకు రావాలంటే రెండు కావాలి. ఒకటి తోసేది, రెండు ఆపలేకపోయేది. టైరు, రిమ్, బ్యాలెన్స్, ఇవి తోసేవి. కోన్ సెట్, చక్రం బేరింగులు, మన చేతులు, ఇవి ఆపేవి. మన చేతులు మంచి డ్యాంపర్లు, అందుకే గట్టిగా పట్టుకుంటే వణుకు దాక్కుంటుంది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. వణుకు ఉందో లేదో చూడటానికి రెండు చేతులూ వదిలేసి నడిపేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. కొన్నిసార్లు అది చిన్న వణుకుగా మొదలై రెండు సెకన్లలో హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు విసిరికొడుతుంది. అప్పుడు మళ్లీ పట్టుకోలేరు. వేళ్లతో తేలిగ్గా పట్టుకుని, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిస్తే చాలు, తెలిసిపోతుంది. ఎప్పుడైనా నడుపుతుండగా వణుకు పెరిగితే మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, మోచేతులు బిగబట్టకండి, ముందు బ్రేకు గబాల్న నొక్కకండి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి.

ఇప్పుడు ఆయన బండి దగ్గరికి వద్దాం. మొదట గాలి చూశాను. ముందు చక్రంలో ఉండాల్సింది 25 పీఎస్ఐ, ఉన్నది 18. నింపి నడిపాను. వణుకు తగ్గింది, పోలేదు. గాలి తగ్గితే టైరు గోడ మెత్తబడి, పక్కకు జరిగాక తిరిగి రావడం ఆలస్యమవుతుంది. ఇంకేమీ విప్పకముందే చూడాల్సింది ఇదే.

తర్వాత బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం లేపాను. ఇక్కడ వరస ముఖ్యం. కోన్ సెట్ కంటే ముందు చక్రం బేరింగులు చూడాలి. ఎందుకంటే బేరింగులో లూజు ఉంటే, ఫోర్క్ కింది చివర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు కోన్ సెట్ లూజులాగే టక్ మంటుంది. అది తెలియక కోన్ బిగించేస్తారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని, ఒక చేత్తో నెట్టి ఒక చేత్తో లాగండి. తర్వాత ముందూ వెనకా పట్టుకుని అదే చేయండి. పైనా కిందా పట్టుకున్నప్పుడు కదిలి, ముందూ వెనకా పట్టుకున్నప్పుడూ అంతే కదిలితే అది బేరింగే. చక్రం తిప్పి, ఫోర్క్ కాలు మీద అరచేయి ఆనించండి. గరగర చేతికి వస్తే బాల్స్ దారి పాడైంది. ఆయన బండిలో బేరింగులు బాగున్నాయి.

బేరింగుల గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఇది చేతులారా చేసుకునే నష్టం. రెండు బేరింగుల మధ్య హబ్ లోపల ఒక గొట్టం ఉంటుంది, స్పేసర్. యాక్సిల్ బిగించినప్పుడు ఆ ఒత్తిడిని లోపలి రింగు నుంచి లోపలి రింగుకు మోసేది అదే. కొత్త బేరింగులు కొట్టేటప్పుడు ఆ గొట్టం పెట్టడం మరిచిపోతే, లేదా ఒక బేరింగు పూర్తిగా కూర్చోకపోతే, యాక్సిల్ నట్టు బిగించిన ప్రతి మిల్లీమీటరూ బాల్స్‌ను పక్కకు నొక్కుతుంది. అలా పెట్టిన బేరింగు కొన్ని వందల కిలోమీటర్లకే పోతుంది. బిగించగానే చక్రం బరువుగా తిరిగిందంటే అక్కడే ఆగి విప్పండి. ఇంకొకటి, బేరింగును హబ్‌లోకి దింపేటప్పుడు సుత్తి దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా పోయి, కొత్త బేరింగు పెట్టెలోంచి తీసిన రోజే దెబ్బతింటుంది.

ఫోర్క్ కాలుకు ఒక పుల్ల కట్టి రిమ్ దగ్గరగా పెట్టి తిప్పాను. ఒక మిల్లీమీటరు తేడా, పర్వాలేదు. రెండు దాటితే రిమ్ సంగతి చూడాలి. ఇప్పుడు ఈ టైరు మీ చేతికి ఇస్తున్నాను. అరచేయి ఆనించి చక్రం తిరిగే దిశలో ఒకసారి నిమరండి. తర్వాత వెనక్కి నిమరండి. ఒక వైపు నున్నగా పోతుంది, రెండో వైపు ప్రతి ముక్క అంచూ రంపపు పళ్లలా గీసుకుంటుంది, అవునా? కంటికి టైరు బాగానే ఉంది, గాడులు లోతుగానే ఉన్నాయి. ముక్కల అంచులు ఒక వైపు అరిగాయి, ఒక వైపు నిలిచాయి. గాలి తక్కువున్నా, షాకర్లు ఆగకుండా గెంతుతున్నా, గట్టిగా బ్రేకులేస్తున్నా ఇలా అవుతుంది. ఈ టైరు గుండ్రంగా లేదు. గుండ్రంగా లేని చక్రం అరవై దగ్గర ప్రతి చుట్టుకూ తోస్తుంది. తోసేది దొరికింది.

ఆపలేకపోయేది ఏది? హ్యాండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాను. సరిగ్గా మధ్యలో, బండి నేరుగా పోయే చోట, వేళ్లకు ఒక గుంట తగిలింది. అక్కడికి రాగానే టక్కున కూర్చుంటుంది, దాటాలంటే చిన్న తోపు కావాలి. ఇదిగో ఆ కోన్, దీని కింది రేసు, అంటే బాల్స్ తిరిగే రింగు, దాని మీద గోరుతో గీయండి. వరసగా చిన్న గుంటలు తగులుతున్నాయి కదా. బండి జీవితమంతా దాదాపు నేరుగానే పోతుంది. అంటే బాల్స్ ఎప్పుడూ అదే చోట ఉంటాయి. ప్రతి గొయ్యి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దెబ్బా అదే చోట పడుతుంది. బాల్స్ గట్టి ఉక్కు, రేసు కూడా ఉక్కే, అయినా వేల దెబ్బలకు దానికి పల్లాలు పడ్డాయి. కోన్ కొంచెం లూజుగా ఉండి, బ్రేకు వేసినప్పుడల్లా టక్ టక్ మంటుంటే ఇది ఇంకా త్వరగా వస్తుంది.

రెండుసార్లు టైట్ చేసినా ఎందుకు తిరిగొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. గుంటలు పడ్డ రేసును బిగిస్తే బాల్స్ ఆ గుంటల్లోకి ఇంకా లోతుగా కూర్చుంటాయి. మొదట వారం వణుకు తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే రాపిడి పెరిగింది. ఆ రాపిడే ఇంకో కీడు తెస్తుంది. మెల్లగా పోయేటప్పుడు బండి నేరుగా నిలవదు. సైకిల్ నేర్చుకునేవాళ్లలా చిన్నచిన్నగా దిద్దుకుంటూ పోవాలి, ఎందుకంటే హ్యాండిల్ తనంతట తాను తిరగడానికి ఆ గుంట ఒప్పుకోదు. ఆయనను అడిగాను, "ట్రాఫిక్‌లో మెల్లగా పోయేటప్పుడు బండి ఈడుస్తోందా?" అని. "అవును, ఈ మధ్యే మొదలైంది. అది టైరు వల్ల అనుకున్నాను" అన్నాడు. ఒక్క లోపమే రెండు పేర్లతో తిరుగుతోంది.

కోన్ సెట్ మొత్తం మార్చాం. రేసులు పైదీ కిందదీ రెండూ మార్చాలి, బాల్స్ మాత్రమే మారిస్తే గుంటలు అక్కడే ఉంటాయి. బిగించే పద్ధతి చెబుతాను. గ్రీజు బాగా పట్టించి, సర్దుబాటు నట్టును కాస్త గట్టిగానే బిగించి, హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా తిప్పండి, రేసులు సర్దుకుంటాయి. తర్వాత నట్టు వదులు చేసి, ఊగులాట పోయేంత వరకే మళ్లీ బిగించండి. పై నట్టు బిగించాక మళ్లీ చూడండి, ఎందుకంటే పై నట్టు బిగించడంతో కింది సర్దుబాటు మారుతుంది. ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో ఒక్క తోపు తోయండి. తన బరువుతో తాను చివరిదాకా మెత్తగా పడిపోవాలి. మధ్యలో ఆగితే బిగువు ఎక్కువ, లేదా కేబుల్ అడ్డం. పడ్డాక ఫోర్క్ పట్టుకుని లాగితే టక్ అనకూడదు. ముందు బ్రేకు నొక్కి ముందుకూ వెనక్కూ తోసి చూసేటప్పుడు ఇంకో చేతి వేలు, ఫోర్క్ రెండు కాళ్లనూ పట్టి ఉంచే కింది టీ, ఫ్రేము కలిసే సందులో ఉంచండి. కదలిక వేలికి తగిలితే కోన్‌ది. అక్కడ తగలక, ఫోర్క్ గొట్టం, కింది గుబ్బ కలిసే చోట తగిలితే ఫోర్క్ బుష్‌ది. ఇది తప్పుగా అర్థం చేసుకుని కొత్త కోన్ సెట్ వృథా చేసిన బళ్లు చాలా చూశాను. కొత్త రేసులు కొన్ని వందల కిలోమీటర్లకు మరోసారి సర్దుబాటు అడుగుతాయి, అది లోపం కాదు.

పాత టైరుతోనే నడిపి చూశాం, కావాలనే. మెల్లగా పోయేటప్పటి ఈడ్పు పూర్తిగా పోయింది. అరవై దగ్గర వణుకు సగానికి తగ్గింది. తర్వాత టైరు మార్చి, బ్యాలెన్స్ చేసి మళ్లీ నడిపాం. వణుకు లేదు. ఒకటొకటిగా మార్చబట్టే ఏది ఎంత పాపం చేసిందో తెలిసింది. అన్నీ ఒకేసారి మారిస్తే బండి బాగవుతుంది, మనకు మాత్రం ఏమీ తెలియదు.

ఇక ఎనభై దాటాక వచ్చే ఊపు. ముందు పని అంతా అయ్యాక కూడా అది అలాగే ఉంది. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రాన్ని పక్కకు నెట్టి లాగాను. కదిలింది. ఇక్కడ కళ్లు రెండు చోట్ల ఉండాలి. చక్రం స్వింగార్మ్ లోపల కదులుతోందా, లేక స్వింగార్మే ఫ్రేములో కదులుతోందా? మొదటిదైతే చక్రం బేరింగులు. రెండోదైతే పివట్, అంటే స్వింగార్మ్ ఫ్రేముకు తగులుకునే కీలు. ఒకరు నెడుతుంటే ఇంకొకరు స్వింగార్మ్, ఫ్రేము మధ్య సందులో బొటనవేలు పెట్టాలి. నా వేలికి తట్టింది. యాక్సిల్ దగ్గర కొలిస్తే రెండున్నర మిల్లీమీటర్ల దాకా పక్కకు పోతోంది.

పివట్ నట్టు బిగించొచ్చు కదా అనిపిస్తుంది. బిగించి చూపించాను, కదలిక వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. కారణం ఈ బుష్ చూస్తే తెలుస్తుంది. నట్టు బిగించేది లోపలి గొట్టాన్ని ఫ్రేముకు. అరిగింది ఆ గొట్టానికీ, దాని చుట్టూ తిరిగే బుష్‌కీ మధ్య. ఆ సందును నట్టు చేరలేదు. దీన్ని చూడండి, గొట్టం మీద ఒక వైపు తుప్పు గాడి, గ్రీజు జాడే లేదు. ప్రెషర్ నీళ్లతో కడిగిన ప్రతిసారీ నీళ్లు సీలు దాటి లోపలికి పోయాయి. ఏళ్ల తరబడి ఎవరూ దీన్ని విప్పలేదు. ఇక్కడ అరుగుదల అర మిల్లీమీటరే. అర మిల్లీమీటరు ఎక్కడ, యాక్సిల్ దగ్గర రెండున్నర ఎక్కడ? రెండు బుష్‌ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, అక్కడి నుంచి యాక్సిల్ 50 సెంటీమీటర్లు. ఒక బుష్ అటు అర, ఇంకోటి ఇటు అర జరిగితే, ఆ ఒక మిల్లీమీటరు వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి రెండున్నర రెట్లు పెరుగుతుంది.

అంటే వెనక చక్రం తనకు తాను స్టీరింగ్ చేసుకుంటోంది. పైగా చైను ఒక పక్కనే ఉంటుంది. యాక్సిలరేటర్ ఇస్తే ఆ పక్క ముందుకు లాగుతుంది, వదిలితే సడలుతుంది. వంపు మధ్యలో యాక్సిలరేటర్ ఇచ్చి తీసిన ప్రతిసారీ చక్రం ఒక కోణం నుంచి ఇంకో కోణానికి జారుతుంది. ఆయన చెప్పిన పడవ ఊపు అదే. నేరు రోడ్డులో తక్కువ, వంపుల్లో ఎక్కువ ఎందుకో కూడా ఇదే చెబుతుంది.

బుష్‌లూ, లోపలి గొట్టాలూ రెండూ మార్చాం. బుష్ ఒక్కటే మారిస్తే గాడి పడ్డ గొట్టం దాన్ని మళ్లీ కొరుకుతుంది. కొన్ని బళ్లలో ఇక్కడ ఇనుప గొట్టానికి అతికించిన రబ్బరు బుష్‌లు ఉంటాయి. వాటి సంగతి వేరు. అవి తిరగవు, మెలిపడతాయి. అలాంటి బండికి పివట్ నట్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద, బండి మీద బరువు ఉండగానే ఇవ్వాలి. స్వింగార్మ్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

ఆ మూల నుంచి ఎవరో చెయ్యెత్తారు, అడగండి.

"అన్నా, ఇన్ని విప్పే బదులు స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి పెట్టేస్తే సరిపోదా?"

మంచి ప్రశ్న తమ్ముడూ. ముందు వైపు వణుకును డ్యాంపర్ పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ అది స్టీరింగ్‌ను బిగబట్టడం వల్ల వెనక నుంచి వచ్చే ఊపు ఇంకా ఎక్కువ కావచ్చు, ఎందుకంటే ముందు చక్రం తనంతట తాను తిరిగి ఆ ఊపును సర్దుకునే వీలు తగ్గుతుంది. ఈ బండికే డ్యాంపర్ పెట్టి ఉంటే అరవై దగ్గర చేతులు ప్రశాంతంగా ఉండేవి, ఎనభై దగ్గర వంపులో సీటు కింద ఊపు పెరిగేది. గుంట పడ్డ కోన్, అరిగిన బుష్ రెండూ అలాగే ఉండేవి.

ఇంకొకరు?

"కొత్త టైరు కూడా ఇలాగే రంపంలా అరిగితే ఏం చేయాలి?"

అలా అరిగితే టైరును తిట్టకండి. గాలి వారానికోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నారా అన్నది మొదట. తర్వాత ముందు బ్రేకు పట్టి ఫోర్క్‌ను బలంగా అదిమి వదలండి. ఒక్కసారి పైకొచ్చి ఆగితే ఆయిల్ పని చేస్తోంది. రెండుమూడుసార్లు గెంతితే టైరు రోడ్డు మీద గెంతుతూ అరుగుతోంది, ముందు ఫోర్క్ ఆయిల్, సీళ్లు మార్చాలి. అది మార్చకుండా ఎన్ని టైర్లు వేసినా ఐదారు వేల కిలోమీటర్లకు అరచేతికి మళ్లీ ఈ పళ్లే తగులుతాయి.